బెయిల్ వచ్చింది, మనిషి రాలేదు

‘బెయిల్ వచ్చింది’ అని లాయరు ఫోన్ చేస్తే, ఆ సాయంత్రానికో మర్నాటికో మనిషి ఇంటికొస్తాడని అనుకుంటాం. డబ్బు, పరిచయాలు ఉన్నవాళ్ల విషయంలో దాదాపు అలాగే జరుగుతుంది. కానీ బెయిల్ ఉత్తర్వు చేతికొచ్చాక కూడా వారాలు, నెలలు జైల్లోనే ఉండిపోయేవాళ్లు మన దేశంలో ఉన్నారు. వాళ్ల సంగతి తేల్చడానికి సుప్రీంకోర్టు 2023 జనవరిలో ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది. కోర్టు వదలమన్న మనిషి ఎందుకు ఆగిపోతాడో తెలియాలంటే, అసలు కోర్టు బెయిల్ ఎలా తేలుస్తుందో ముందు చూడాలి.

చట్టం నేరాలను రెండు రకాలుగా విడదీసింది. బెయిలబుల్ నేరాల్లో బెయిల్ నిందితుడి హక్కు, పోలీసు స్టేషన్లోనే ఇవ్వాలి. నాన్ బెయిలబుల్ అనగానే బెయిలే రాదని జనం హడలిపోతారు గానీ, అది నిజం కాదు. అక్కడ బెయిల్ ఇవ్వాలా వద్దా అన్నది జడ్జి విచక్షణకు వదిలారు, అంతే. 2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. సెక్షన్ల అంకెలు మారాయి గానీ ఈ చట్రం మాత్రం అదే.

ఒక కేసు ఊహించుకుందాం. శ్రీకాకుళం జిల్లా నుంచి హైదరాబాద్ వచ్చి, కట్టుబడి పనిలో ఉన్న ఓ కూలీ. సైట్లోనే రేకుల షెడ్డులో కాపురం. ఒకరోజు అక్కడ అరవై వేల రూపాయల రాగి కేబుల్ మాయమైంది. సూపర్‌వైజర్ ఫిర్యాదు మీద పోలీసులు ఇతణ్ని, ఇంకో ఇద్దరిని పట్టుకున్నారు. మామూలు దొంగతనం సెక్షను, గరిష్ఠ శిక్ష మూడేళ్లు. ఇతనికి పాత కేసులేవీ లేవు.

ఏడేళ్ల లోపు శిక్షపడే నేరాల్లో అరెస్టు ఆటోమేటిక్‌గా జరగకూడదని, నోటీసిచ్చి పిలిపించుకోవచ్చని, అరెస్టు చేస్తే కారణాలు కాగితం మీద పెట్టాలని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో గట్టిగానే చెప్పింది. మరి ఈ కూలీ విషయంలో పోలీసులు ఏం రాస్తారు? ‘స్థిర నివాసం లేదు, వదిలితే దొరకడు’ అంటారు. ఆ కారణం అబద్ధమేమీ కాదు. సైట్ అయిపోతే షెడ్డు ఎత్తేస్తారు, అతని చిరునామా కూడా దానితోపాటే పోతుంది. ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టారు, పద్నాలుగు రోజులు రిమాండ్ పడింది. న్యాయసేవాధికార సంస్థ ఇచ్చిన లాయరు బెయిల్ పిటిషన్ వేశాడు.

ఇప్పుడు కోర్టు తూచేది నేరం చేశాడా లేదా అని కాదు, ఆ సంగతి ట్రయల్లో తేలుతుంది. ముఖ్యంగా మూడు భయాలను తూచాలి. వదిలితే విచారణకు రాకుండా పారిపోతాడా, సాక్ష్యాలను చెరిపేస్తాడా, సాక్షులను బెదిరిస్తాడా లేక కొంటాడా? వీటికి తోడు నేరం ఎంత తీవ్రమైనది, శిక్ష ఎంత, ప్రాథమికంగా ఆధారాలు ఏమాత్రం ఉన్నాయి, గత చరిత్ర ఏమిటి, మళ్లీ అదే పని చేసే ప్రమాదం ఉందా అన్నవీ చూస్తారు. మహిళలకు, రోగులకు, బాగా చిన్న వయసు వాళ్లకు కొంత సడలింపు చట్టంలోనే ఉంది. ఇవన్నీ వేసే పాత్ర కేసుకో రకంగా ఉంటుంది. హత్య కేసులో ఆధారాల బలం, సాక్షుల భద్రత పెద్ద బరువు తూగుతాయి. రాగి కేబుల్ కేసులో సరుకు రికవరీ అయిపోయి, సాక్షుల వాంగ్మూలాలు రాసేసుకున్నాక, చెరపడానికి సాక్ష్యమేముంది? మిగిలేది పారిపోతాడన్న ఒక్క భయమే.

ఈ తూకానికి మన దగ్గరి కేసు ఒకటి దేశమంతటికీ కొలమానమైంది. 1977 చివర్లో గుడికంటి నరసింహులు, మరికొందరు ఆంధ్రప్రదేశ్ నుంచి బెయిల్ కోసం సుప్రీంకోర్టుకు వెళ్లారు. కింది కోర్టు వాళ్లను నిర్దోషులంది, హైకోర్టు ఆ తీర్పును తిరగేసి యావజ్జీవం వేసింది. అప్పీలు తేలేలోగా బయట ఉండనివ్వమని వాళ్ల విన్నపం. జస్టిస్ కృష్ణయ్యర్ నేరం పేరు చూసి ఆగిపోలేదు. అంతకుముందు బెయిల్ మీద ఉన్నప్పుడు వీళ్లు ఎలా మసలుకున్నారు, పారిపోయారా, ఎవరినైనా బెదిరించారా అని చూశారు. అలాంటిదేమీ లేదు గనుక షరతులతో వదిలారు. జడ్జి విచక్షణ అంటే జడ్జి ఇష్టాయిష్టాలు కాదు, దానికి కారణాలు ఉండి తీరాలి అన్నది ఆ ఉత్తర్వులోని సారం. లాయర్లు ఇప్పటికీ బెయిల్ వాదనల్లో ఆ పేరు ఎత్తుతూనే ఉంటారు.

కొన్ని ప్రత్యేక చట్టాల్లో ఈ తూకమే తలకిందులవుతుంది. మన ఏజెన్సీ నుంచి గంజాయి మూటలు మోస్తూ దొరికే కూలీల సంగతే తీసుకోండి. సరుకు ఇరవై కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం కింద లెక్క. అప్పుడు నిందితుడు దోషి కాకపోవచ్చని నమ్మడానికి తగిన కారణం ఉందని, బయటికొస్తే మళ్లీ నేరం చేయడని కోర్టుకు నమ్మకం కుదరాలి. విచారణ మొదలవ్వక ముందే నిర్దోషిత్వానికి దగ్గరగా ఏదో చూపించుకోవాలన్నమాట. సరుకు అసలు యజమాని ఆ మూట దరిదాపుల్లో ఉండడు, ఉండేది కూలికి మోసినవాడే. ఉపా, మనీలాండరింగ్ చట్టాల్లోనూ దాదాపు ఇదే బిగింపు ఉంది. అది వేరే వ్యాసమంత విషయం గనుక మన రాగి కేబుల్ కేసుకే వద్దాం.

అరెస్టయిన ఇరవయ్యో రోజున మేజిస్ట్రేటు బెయిల్ ఇచ్చారనుకోండి. ఉత్తర్వు చివర ఒక వాక్యం ఉంటుంది: పదివేల రూపాయల సొంత బాండు, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులు, కోర్టుకు తృప్తి కలిగేలా. పైన చెప్పిన తూకమంతా ముందున్న రెండు పేజీల్లో జరుగుతుంది. మనిషి నిజంగా బయటికొస్తాడో రాడో తేలేది మాత్రం ఈ ఒక్క వాక్యంలో. ఇన్నాళ్లుగా అచ్చులో పోసినట్టు అదే వాక్యం రాస్తున్నారు, దాని మీద వాదన జరగడం మాత్రం అరుదు.

పదివేలు కట్టేస్తే సరిపోతుంది కదా అనుకుంటారు. ఇక్కడ కావలసింది నగదు కాదు, మనుషులు. నిందితుడు వాయిదాకు రాకపోతే ఆ పదివేలూ నేను కడతానని సంతకం చేసేవాళ్లు ఇద్దరు కావాలి. అంత తాహతు ఉందని వాళ్లు చూపించాలి. ఇంటి పన్ను రసీదో, పట్టాదారు పాసు పుస్తకమో, ఉద్యోగి అయితే జీతం సర్టిఫికెట్టో, దాంతోపాటు ఆధార్, ఫొటోలు, ఇంకెంతమందికి జామీను ఉన్నారో చెప్పే ప్రమాణపత్రం. అనుమానం వస్తే ఆ ఆస్తి నిజమా కాదా కనుక్కోమని రెవెన్యూ వాళ్లకో పోలీసులకో కోర్టు రాస్తుంది.

హైదరాబాద్‌లో ఆ కూలీకి తెలిసినవాళ్లు ఎవరు? మేస్త్రీ, పక్క షెడ్డువాళ్లు. ఎవరి పేరునా ఇల్లు లేదు. ఫిర్యాదు చేసిందే కంపెనీ కాబట్టి మేస్త్రీ అటువైపు తొంగిచూడడు. ఊరి నుంచి అన్న వచ్చాడు. అతనికి ఇల్లుంది గానీ గ్రామకంఠంలో ఉంది, దానికి రిజిస్టరు కాగితాలు లేవు. కాగితాలు ఉన్నా, 2014 తర్వాత శ్రీకాకుళం ఆస్తి తెలంగాణ కోర్టుకు పక్క రాష్ట్రపు ఆస్తి. ‘లోకల్ ష్యూరిటీ తీసుకురండి’ అంటారు. అన్న రెండు రోజులు కోర్టు వరండాలో కూర్చుని, కూలి పోగొట్టుకుని, రైలెక్కి వెళ్లిపోతాడు. కోర్టుల చుట్టూ తిరిగే అద్దె జామీనుదారుల వ్యాపారం పుట్టింది ఈ సందులోంచే. డబ్బు తీసుకుని, ఎరుగని మనిషికి దొంగ కాగితాలతో పూచీ ఉంటారు. అలాంటి పూచీ వల్ల నిందితుడు వాయిదాకు వస్తాడన్న హామీ పూచికపుల్లంత కూడా ఉండదు. కట్టుదిట్టంగా కనిపించే షరతు కాస్తా ఉత్త తంతుగా మారిపోతుంది.

స్థానిక జామీను పట్టుదలను సుప్రీంకోర్టు 1978లోనే తప్పుపట్టింది. మధ్యప్రదేశ్‌లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీ కేసు అది. అతన్ని బెయిల్ మీద వదలమని సుప్రీంకోర్టే చెప్పింది. వివరాలు చూసుకోవాల్సిన మేజిస్ట్రేటు పదివేలకు జామీను అడిగారు. అన్నదమ్ముడు ముందుకొస్తే, అతనూ అతని ఆస్తీ వేరే జిల్లాలో ఉన్నాయని కాదన్నారు. మోతీరామ్ మళ్లీ ఢిల్లీ దాకా పోవాల్సి వచ్చింది. ఓ మేస్త్రీని పదివేలకు జామీను అడగడమేమిటని జస్టిస్ కృష్ణయ్యర్ మండిపడ్డారు. ఒక మలయాళీయో తమిళుడో ఆంధ్రుడో బస్తర్‌లోనో పోర్ట్ బ్లెయిర్‌లోనో అరెస్టయితే అక్కడ జామీను ఎక్కడ తేగలడని అడిగారు. వెయ్యి రూపాయల సొంత బాండు మీద వదిలేయమన్నారు. ఆ తీర్పులోని ‘ఆంధ్రుడు’ ఇవాళ దేశం దాటే పని లేదు, హైదరాబాద్ వచ్చినా అదే ఇబ్బంది.

మరుసటి ఏడు, 1979లో, హుస్సేనారా ఖాతూన్ కేసు వచ్చింది. బీహార్ జైళ్ల మీద ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చిన కథనాలు చదివి, న్యాయవాది కపిలా హింగోరానీ సుప్రీంకోర్టు మెట్లెక్కారు. నేరం రుజువైనా పడని శిక్షకు మించి, విచారణే మొదలవకుండా ఏళ్ల తరబడి మగ్గుతున్నవాళ్లు ఆ జైళ్లలో బయటపడ్డారు. డబ్బు పోతుందన్న భయమొక్కటే మనిషిని కోర్టుకు రప్పించదని జస్టిస్ భగవతి రాశారు. ఆ ఊళ్లో ఎన్నాళ్లుగా ఉంటున్నాడు, పనేమిటి, కుటుంబం ఎక్కడుంది, అతని గురించి చెప్పగల పెద్దమనుషులు ఎవరైనా ఉన్నారా అని విచారించి, వేళ్లు ఉన్నవాణ్ని సొంత బాండు మీద వదలమన్నారు. మంచి సూత్రమే. కాకపోతే వలసకూలీ దగ్గర అదీ పూర్తిగా పనిచేయదని నాకనిపిస్తుంది. అతనికి వేళ్లు ఉన్నాయి, కానీ కేసున్న ఊళ్లో కాదు. శ్రీకాకుళంలో భార్యా పిల్లలూ రేషన్ కార్డూ ఉన్న మనిషి పారిపోయి ఎక్కడికి పోతాడని కోర్టుకు ఎవరైనా గట్టిగా చెప్పాలి. నాలుగు నిమిషాల వాదనలో ఆ మాట చెప్పే తీరిక ఉన్న లాయరు దొరకడం అదృష్టం.

చట్టంలో రక్షణలు లేవని కాదు. బాండు మొత్తం మితిమీరకూడదని చట్టమే చెబుతుంది. ఎక్కువనిపిస్తే తగ్గించమని సెషన్స్ కోర్టును గానీ హైకోర్టును గానీ అడగవచ్చు. బెయిలబుల్ కేసులో వారంలోగా జామీను తేలేకపోయినవాణ్ని నిరుపేదగానే భావించి సొంత బాండు మీద వదలాలని 2005లోనే సవరణ తెచ్చారు. కానీ ఆ వారం నియమం నాన్ బెయిలబుల్ కేసులకు వర్తించదు. పేదల మీద ఎక్కువగా పడే దొంగతనం కేసు సరిగ్గా ఆ గీతకు అవతల ఉండిపోయింది.

మన కూలీ దగ్గరికి వద్దాం. అరవై రోజుల్లో పోలీసులు ఛార్జిషీటు వేయకపోతే అతనికి బెయిల్ హక్కుగా వస్తుంది. కానీ దానికీ జామీను పెట్టాలి. మొదటి బెయిల్‌కే జామీను లేనివాడికి ఈ రెండో బెయిల్‌తో ఏం ఒరుగుతుంది? ఛార్జిషీటు పడింది, వాయిదాలు మొదలయ్యాయి. ఒక్కో వాయిదాకు ఎస్కార్టు పోలీసులు దొరికితే కోర్టుకు తెస్తారు, లేకపోతే వీడియోలో చూపించి కొత్త తేదీ వేస్తారు. ఇలా ఆరు నెలలు గడిచాయనుకోండి. అప్పుడు చిన్న కేసుల్లో తరచూ వినపడే సలహా ఒకటి అతని చెవిన పడుతుంది: ‘ఒప్పేసుకో, ఉన్న రోజులే శిక్ష కింద లెక్కేస్తారు, ఇవాళే పోవచ్చు.’ జైల్లో గడిపిన కాలాన్ని శిక్షలో మినహాయించే ఏర్పాటు చట్టంలో ఉంది. నేరం చేయనివాడికి కూడా ఈ బేరం లాభసాటిగా కనిపిస్తుంది. ఒప్పుకుంటే ఈ సాయంత్రమే బయట ఉంటాడు, పోరాడితే ఇంకెన్నాళ్లో తెలియదు. జామీను దొరికి బయట ఉన్నవాడికి ఈ ఒత్తిడి లేదు, అతను తాపీగా కేసు నడిపించి కొట్టేయించుకోవచ్చు. విచారణకు ముందు నిర్బంధం మీద నడిచే వాదనలో నాకు అన్నిటికంటే బరువైనదిగా కనిపించేది ఇదే. జైలు కష్టం ఒక ఎత్తు, ఆ కష్టం తీర్పునే మార్చేయడం మరో ఎత్తు. పైగా ఒప్పుకున్న ఆ మరకతో అతను ఇక ‘పాత నేరస్థుడు’. ఇంకో సైట్లో ఇంకేదో పోయినప్పుడు మొదట వెతికేది అతన్నే, అప్పుడు బెయిల్ ఇంకా కష్టం.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే నలుగురిలో ముగ్గురు. వీళ్లందరూ జామీను దొరకనివాళ్లు కారు. ఘోరమైన కేసుల్లో బెయిల్ నిరాకరించినవాళ్లూ అందులో ఉన్నారు. కాబట్టి ఈ అంకెను చూపి అందరినీ వదిలేయాలనడం తొందరపాటే అవుతుంది.

అవతలి పక్షం మాటల్లోనూ సత్తువ ఉంది. నిందితుడు మాయమై, వారెంట్లు తిరిగొచ్చి, ఏళ్లకొద్దీ మూలబడ్డ కేసులు ప్రతి కోర్టులోనూ ఉంటాయి. వలస వచ్చిన మనిషికి నోటీసు ఏ గుమ్మానికి అంటించాలో తెలియనప్పుడు, కనీసం ఫోన్ ఎత్తే ఇద్దరు మనుషులు కావాలని మేజిస్ట్రేటు అనుకోవడం మొండితనం కాదు. బాధితులూ చాలాసార్లు పేదలే. ఊళ్లో బలవంతుడి మీద కేసు పెట్టిన దళిత కుటుంబానికి, అతను బెయిల్ మీద వచ్చి అదే వీధిలో తిరగడమే బెదిరింపు. అందుకే ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద బెయిల్ వాదనలో బాధితుల మాట కూడా వినాలన్న నిబంధన పెట్టారు. గమనించాల్సిందేమంటే, సాక్షులను బెదిరించగల ఆ బలవంతుడికి ఇద్దరు జామీనుదారులు గంటలో దొరుకుతారు. ఎవరినీ బెదిరించలేని కూలీకి ఆరు నెలలైనా దొరకరు. జామీను షరతు వడపోసేది ఆస్తిని, ప్రమాదాన్ని కాదు.

2023 మార్గదర్శకాలు ఈ చిక్కుముడినే పట్టుకున్నాయి. బెయిల్ ఉత్తర్వు నకలు ఆ రోజో మర్నాడో ఈమెయిల్లో జైలుకు చేరాలి, ఖైదీకి అందాలి. వారంలో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలి. వాళ్లు ఖైదీ ఆర్థిక పరిస్థితి మీద నివేదిక తయారుచేసి, షరతులు సడలించమని కోర్టును అడగవచ్చు. నెలలోగా బాండు పెట్టలేకపోతే కోర్టే తనంతట తాను కేసు తీసుకుని షరతులు మార్చే సంగతి చూడవచ్చు. స్థానిక జామీనే కావాలని పట్టుబట్టవద్దని కూడా అందులో ఉంది. మరుసటి ఏడాది గిరీష్ గాంధీ అనే అతని కేసులో, ఆరు రాష్ట్రాల్లోని పదమూడు కేసులకు విడివిడిగా జామీనుదారులను తేలేనని అతను మొరపెట్టుకుంటే, ఒకే జామీనుదారులు పలు కేసులకు ఉండవచ్చని సుప్రీంకోర్టు ఒప్పుకుంది.

డబ్బు సాయం కూడా వచ్చింది. పేద ఖైదీల కోసం కేంద్రం 2023లో తెచ్చిన పథకం కింద జిల్లా స్థాయి కమిటీ విచారణ ఖైదీకి డబ్బు మంజూరు చేయవచ్చు. ఇక్కడ మళ్లీ పాత మెలికే. పథకం ఇచ్చేది డబ్బు, ఉత్తర్వు అడిగేది మనుషులను. జామీను బదులు నగదు డిపాజిట్ తీసుకునే అధికారం కోర్టుకు ఉంది గానీ, ఆ మార్పు కోరుతూ ఎవరో పిటిషన్ వేస్తేనే ఆ డబ్బు పనికొస్తుంది.

కొత్త చట్టంలో నాకు నచ్చిన మార్పు ఒకటుంది. గరిష్ఠ శిక్షలో సగం కాలం జైల్లో గడిపిన విచారణ ఖైదీని బెయిల్ మీద వదలాలన్నది పాత నియమం. ఇప్పుడు గతంలో ఏ కేసులోనూ దోషిగా తేలనివాడికి మూడో వంతు చాలు, అదీ జామీనుదారులు లేకుండా సొంత బాండు మీదే. ఉరి, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. గడువు నిండగానే కోర్టుకు రాసే బాధ్యత జైలు సూపరింటెండెంటుది. కొత్త చట్టానికి ముందు నమోదైన కేసులవాళ్లకూ ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో స్పష్టం చేసింది. అయితే ఒకటికి మించి కేసులు పెండింగులో ఉన్నవాడికి ఈ దారి మూసేశారు. పాత ఫైళ్లలో మిగిలిపోయిన దొంగతనాలు రెండు మూడు దొరికినవాడి నెత్తిన వేశారంటే, ఆ మినహాయింపు అతనికి దక్కదు.

మన కూలీ లెక్క వేస్తే, మూడేళ్లలో మూడో వంతు ఏడాది. ఇరవయ్యో రోజునే బయటికి పంపవచ్చని కోర్టు భావించిన మనిషికి, ఏ ఆటంకమూ లేకుండా తలుపు తెరుచుకునేది మూడువందల అరవై అయిదో రోజున. మధ్యలోని రోజులు తగ్గాలంటే చేయాల్సింది బెయిల్ పిటిషన్లోనే ఉంది. రోజుకూలి ఎంత, ఊరి చిరునామా, రేషన్ కార్డు నకలు, ఇంటివాళ్ల ఫోన్ నంబర్లు మొదటి పిటిషన్‌కే జతచేసి, సొంత బాండు గానీ నగదు డిపాజిట్ గానీ అంగీకరించమని అప్పుడే అడగాలి. ఉత్తర్వు వచ్చాక షరతులు మార్చమంటే మళ్లీ పిటిషన్, మళ్లీ ప్రాసిక్యూటర్ జవాబు, మళ్లీ వాయిదా. కుటుంబం ఊళ్లో ఉండి ఇవేవీ చేయలేకపోతే, జిల్లా కోర్టు ఆవరణలోనే ఉండే న్యాయసేవాధికార సంస్థకు రాయవచ్చు, 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు ఇవ్వాలన్నది 1987 నాటి చట్టంలోనే ఉంది.